రెండు రోజులు అందని మెసేజీలు

గొంతు ఆపరేషన్ తర్వాత మా అక్కకు మాట పోయింది. ఆరు నెలలకు జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు ఒడిశాలో భంజనగర్‌లోని ఇంటికి పంపేశారు. ఏం చెప్పాలన్నా తను వాట్సాప్‌లో రాసేది. నేను ఒడిశాలోనే బరంపురంలో కాలేజీ లెక్చరర్ని. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే అక్కతో మెసేజీల్లో కబుర్లు. “ఏటి వండినావు?” అని మొదలుపెట్టేది. తను మాత్రం గొట్టం ద్వారా జావ తప్ప ఏమీ తీసుకోలేని స్థితిలో ఉండేది.

ఆ వారం మాకు పేపర్లు దిద్దే పని. సోమవారం మధ్యాహ్నం నా ఫోన్లో నెట్ ఆగిపోయింది. కాలేజీ వైఫై కలిసినట్టే చూపిస్తోంది, ఏదీ తెరుచుకోదు. మొబైల్ డేటా పెట్టినా అంతే. మామూలు ఫోన్లు మాత్రం వస్తున్నాయి. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. పైన ఏదో నోటిఫికేషన్ వస్తే చదవకుండానే పక్కకు తోసేశాను. టవర్ బాగోలేదనుకున్నాను. మంగళవారం కూడా అదే అనుకున్నాను. ఒక్కసారి బావకు ఫోన్ చేసి అక్క ఎలా ఉందని అడిగి ఉండాల్సింది. అవసరమైతే బావే చేస్తాడులే అని ఊరుకున్నాను.

మంగళవారం సాయంత్రం బడా బజార్‌లో ఫోన్లు బాగుచేసే ఒక దుకాణానికి వెళ్ళాను. యాభై ఏళ్ళ మనిషి, మన తెలుగువాడే. నా సిమ్ తీసి తన ఫోన్లో వేసి చూశాడు. నెట్ చక్కగా వచ్చింది. తర్వాత నా ఫోన్‌ని దుకాణం వైఫైకి కలిపాడు. అందులో రాలేదు.

“సిమ్ము బాగానే ఉందమ్మా. లోపం నీ ఫోన్లోనే ఉంది. వీపీఎన్ ఏటైనా యేసినావా?”

వేశాను. రెండు వారాల కిందట ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు, హాస్టల్ వైఫైలో మన వివరాలు ఎవరూ చూడకుండా ఇది ఉంటే మంచిదని తోటి లెక్చరర్ చెబితే వేశాను. వచ్చాక దాని సంగతే మరిచిపోయాను.

ఆయన సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ తెరిచి, అందులో వీపీఎన్ నొక్కాడు. ఆ యాప్ పేరు పక్కనున్న చక్రం గుర్తు తాకితే రెండు స్విచ్‌లు కనిపించాయి. రెండూ ఆన్‌లో ఉన్నాయి.

“ఇది సూడు. వీపీఎన్ ఎప్పుడూ నడవాలని మొదటిది. వీపీఎన్ లేకపోతే ఏ నెట్టూ పోనివ్వద్దని రెండోది. ఆళ్ళ సర్వరు తెగిపోయింది, మళ్ళీ కలవలేదు. అంచేత నీ ఫోన్ మొత్తం నెట్టంతా ఆపేసింది. మామూలు కాల్స్‌కి దీంతో పని లేదు, అవొచ్చేస్తాయి.”

“నేనే పెట్టుకున్నానా?”

“యాప్ అడిగుంటాది, నువ్వు సరే అనుంటావు. అందరూ అంతే.”

ముందు రెండు స్విచ్‌లూ ఆపాడు. ఆ పేజీలోనే ఆ వీపీఎన్‌ను మరిచిపొమ్మనే ‘ఫర్గెట్’ మీట నొక్కాడు. తర్వాత యాప్‌ను తీసేశాడు. మళ్ళీ వీపీఎన్ పేజీ తెరిచి, జాబితా ఖాళీగా ఉందని చూపించి, ఫోన్ రీస్టార్ట్ చేశాడు.

ఫోన్ నా చేతిలోకి వచ్చేసరికి వైఫై కలిసింది. మెసేజీలు ఒకదాని వెంట ఒకటి రావడం మొదలైంది. అన్నీ అక్కవే.

సోమవారం సాయంత్రం: “ఏటి సేస్తన్నావు?”

కాసేపటికి: “పన్లో ఉన్నట్టున్నావు.”

మంగళవారం పొద్దున్న: “ఊపిరి అందట్లేదు సెల్లీ. భయంగా ఉంది. మీ బావకి సెప్పలేదు, ఆయన తట్టుకోలేడు. రాగలవేటి?”

మధ్యాహ్నం: “నువ్వుంటే బాగున్ను.”

చివరిది: “పర్లేదులే. పేపర్లు దిద్దుకో.”

దుకాణదారుడు స్టూలు జరిపి కూర్చోమన్నాడు. “వస్తున్నానక్కా” అని అక్కడే రాశాను. రెండు టిక్కులు పడ్డాయి, నీలంగా మారలేదు. బావకు ఫోన్ చేశాను.

“మగతగా ఉంది, పిలిస్తే పలకట్లేదు. నీకే ఫోన్ సేద్దామనుకుంటన్నాను,” అన్నాడు.

బస్సులో రెండు గంటలకు పైగా పట్టింది. నేను వెళ్ళేసరికి అక్క కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. చేయి పట్టుకుని పిలిచాను. వేళ్ళు కదిపిందో లేదో చెప్పలేను. కదిపిందని చెప్పుకుంటే నాకు తేలికే, కానీ నాకు నిజంగా తెలియదు. గురువారం తెల్లవారాక పోయింది. ఆ మధ్యలో తెలివి రాలేదు.

పదో రోజు అయ్యాక బావ అక్క ఫోన్ నా ముందు పెట్టాడు. సోమవారం రాత్రి తన మెసేజీలకు ఒక్క టిక్కే పడటం, అంటే అవి నాకు అందకపోవడం, ఆయనా చూశాడట. “నెట్టు లేదేమో, ఫోన్ సేసి సెప్తానన్నాను. వద్దని సెయ్యి ఊపింది. నువ్వు సదవకూడదనే నెట్టు ఆపుకున్నావని నాకు రాసింది.”

ఆ రెండు స్విచ్‌ల గురించి బావకు వివరించబోయాను. సగంలో ఆయన లేచి, వంటింట్లోకి వెళ్ళిపోయాడు.