అయూబ్ వెలిగించిన గంధకం పుల్ల

అయూబ్ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లు మిషన్ ఆపరేటరు. రెండు నెలల క్రితం కొత్త యజమానులొచ్చి, వయసైపోయిందని ఇంటికి పంపేశారు. రేపు మంగళగిరి దగ్గర పాల డెయిరీలో ఇంటర్వ్యూ. అది కూడా పోతే ఇక ఎవరూ పిలవరని అతనికి తెలుసు.

రెజ్యూమే రాయడానికి అక్క కూతురు నజ్మీన్ పొద్దున్నే వచ్చి కూర్చుంది. "మిషన్లు నడిపాను. ఇంకేం రాస్తావే?" అన్నాడు.

"రెజ్యూమే తర్వాత, మామూ. ముందు అక్కడ ఏమేం తలనొప్పులొచ్చాయో చెప్పు. నువ్వేం చేశావు, దాంతో ఏం మారింది? అన్నీ గుర్తు తెచ్చుకో. పనికొచ్చేవి నేను ఏరుకుంటాను."

కాగితం మీద తలనొప్పి, చేసిన పని, వచ్చిన మార్పు అని మూడు గళ్లు గీసింది. మొదట నసిగాడు గానీ, తర్వాత కట్టలు తెంచుకున్నట్టు చెప్పుకొచ్చాడు. గోడవారగా పేర్చిన మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, బూజు పట్టేవి. జానెడు ఎడం వదిలి పేర్పించాడు. ఏటా వందకు పైగా పాడయ్యేవి పదికి తగ్గాయి. నజ్మీన్ ఆ అంకె కింద గీత గీసింది. నిజంగానే ఇన్ని చేశానా అని అయూబ్‌కి ముచ్చటేసింది.

"ప్రమాదాలు?"

"ఒక్కటీ లేదు."

"ఊరికే ఎందుకు లేకుండా ఉంటాయి? నువ్వేదో చేసుంటావు."

"మూడో గదిలో వాల్వు దగ్గర, గదిని చల్లబరిచే అమ్మోనియా గ్యాసు కారేది. బస్తాలు మోసే ముఠావాళ్లు లోపలికెళ్లకముందే రోజూ గంధకం పుల్ల వెలిగించి చూసేవాణ్ణి. తెల్లటి పొగ లేస్తే గ్యాసు కారుతున్నట్టే, నట్టు బిగించేవాణ్ణి."

"నువ్వు లేకపోతే ఏమయ్యేది?"

అయూబ్‌కి అప్పుడు తట్టింది. తను లేడు. రెండు నెలలుగా లేడు. ఆ పుల్ల సంగతి ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరికీ చెప్పనూ లేదు. వెంటనే ముఠా మేస్త్రి వీరాంజనేయులుకి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావురా?"

"మూడో గదిలో, భాయ్. లోడింగు. పొద్దుట్నుంచీ కళ్లు ఒకటే మంట. ఈసారి మిర్చి ఘాటు మామూలుగా లేదు."

"అది మిర్చి కాదురా! అందరూ బయటికి రండి! తడిగుడ్డ ముక్కుకి పెట్టుకోండి, పరుగెత్తండి!"

అరుపులు, దగ్గులు వినిపించాయి. లోపలికెళ్లింది పద్నాలుగు మంది. మేస్త్రి లెక్క పదమూడు దగ్గర ఆగింది. "ఇంకొకడేడిరా?" అని అయూబ్ అరిచాడు. చివరికి, "వచ్చాడు భాయ్, వచ్చాడు" అని ఏడుపు గొంతు వినిపించింది.

నజ్మీన్ కలం అందుకుంది. "ఈ ప్రమాదం తప్పించావని రాయనా, మామూ?"

"వద్దు. మొదటి గడిలో రాయి. వాల్వు మార్చమని ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ గట్టిగా అడగలేదు. పుల్ల వెలిగించడం ఎవరికీ నేర్పలేదు. నేను లేందే జరగదు అనిపించుకోవాలని." కాగితం తన వైపు తిప్పుకుని చూశాడు. "మిగతా రెండు గళ్లూ ఖాళీగా వదిలెయ్."