ఐలమ్మ బొమ్మ తీసేసిన పోస్టు

మా వీధిలో లలితమ్మ సకినాలు చేసి అమ్ముతుంది. ఐదుగురు ఆడవాళ్లు ఆమె దగ్గర పని చేస్తారు. పదేళ్లుగా ప్యాకెట్ మీద అత్త ఐలమ్మ పేరు, గుండ్రంగా ఆమె నవ్వు ముఖం ఉండేవి. చదువురానివాళ్లు ఆ ముఖం చూసే కొనేవారు.

పేరు రిజిస్టర్ చేయిద్దామని దరఖాస్తు పెడితే, తినుబండారాలకే అలాంటి పేరు ఇంకొకరు ముందే నమోదు చేసుకున్నారని అభ్యంతరం వచ్చింది. వాదించవచ్చు గానీ చాలాకాలం పడుతుందన్నాడు వకీలు. లలితమ్మ ‘మూడు రాళ్ల పొయ్యి’ అని పేరు మార్చుకుంది. బొమ్మ కూడా పొయ్యే. ఆ కాగితాలన్నీ అడిగి మరీ చూశాను.

సంగతి చెప్పే పోస్టు ఫ్లెక్సీల షాపు ఫుర్ఖాన్ తయారుచేశాడు. పైన పాత లోగో నలుపు తెలుపులో, చుట్టూ బంతిపూల అంచు, కింద ‘ఇన్నాళ్లూ మీతో ఉన్న ఈ ముఖం ఇక కనిపించదు’. కారణాలన్నీ ఆ కింద చిన్న అక్షరాల్లో. పొద్దున పదింటికి వాట్సాప్‌లో పెట్టారు. పదిన్నరకల్లా చేతులు జోడించిన బొమ్మలు వరుసకట్టాయి.

శంకరంపేట నుంచి మల్లేశ్ లలితమ్మకు ఫోన్ చేశాడు. బిడ్డ పెళ్లి సారెకు నలభై కిలోల సకినాలు చెప్పినవాడు.

“అక్కా, అమ్మ ఎప్పుడు పోయింది? మైల ఇంట్ల చేసినయి సారెకెట్ల పెడ్తం? మావోళ్లు వద్దంటున్నరు.”

“అయ్యో, అత్త మంచిగున్నది తమ్మీ!”

“గట్లైతే పూలెందుకు పెట్టిండ్రు?”

ఆ ఆర్డర్ పోతే ఆ వారం ఐదుగురికీ పని లేనట్టే. పిండి అప్పటికే పట్టించి ఉంది.

ఐలమ్మ ఫోన్ లాక్కుని చూసింది. “ఓ ఫుర్ఖానూ! నా సావు నాకే జెప్పకపోతివి.”

“పూల బార్డర్ అందంగుంటదని పెట్టిన నానమ్మా” అన్నాడు అప్పుడే షాపు నుంచి వచ్చిన ఫుర్ఖాన్.

“లలితా, ముందు మారనిది రాయి. మారింది తర్వాత చెప్పు” అన్నాను నేను.

మధ్యాహ్నానికి మల్లేశ్ ఇంటి ముసలామెలు ఇద్దరు ఆటోలో వచ్చి దిగారు. మాట నమ్మరట, కంటితో చూడాలట. ఐలమ్మ బట్ట పరిచి, వాళ్ల ముందే పిండిని వేళ్ల మధ్య తిప్పుతూ నాలుగు చుట్ల సకినం వేసింది.

“ఇంక సూస్తరా, నాడి గూడ పట్టి సూస్తరా?” అంది.

ఒకామె నిజంగానే చెయ్యి పట్టుకుని చూసింది. తర్వాత, “నువ్వులు ఇంకింత వెయ్యుండ్రి” అని చెప్పి ఇద్దరూ లేచారు.

సాయంత్రం పాత పోస్టు తీసేసి కొత్తది పెట్టారు. రంగుల్లో పొయ్యి బొమ్మ, కింద ఇలా ఉంది: ‘చేసే చేతులు అవే. కొలతలు అవే. ఫోన్ నంబరు, ఆహార లైసెన్సు నంబరు అవే; లైసెన్సులో పేరు మార్పించాం. పాత పేరు లాంటిది వేరేవాళ్లకు ముందే ఉన్నందున మా పేరు, బొమ్మ మారాయి. ఐలమ్మ గారు క్షేమం.’

చివరి మాట ఐలమ్మే రాయించింది. మల్లేశ్ దాని కింద నలభై కిలోలకు సరేనని రాసి, పది కిలోలు పెంచాడు.