పలచబడిన గంజి

బాగలూరు దారిలోని పల్లెలో పరిమళ అంగన్‌వాడీ టీచరు. సూపర్‌వైజర్ పరీక్షకు చదువుతోంది. ఇంటింటికీ తిరుగుతున్నా, బంతిపూల తోటల గట్ల మీద నడుస్తున్నా ప్రశ్నలే నెమరేస్తూ ఉంటుంది. పసిబిడ్డకు అదనపు ఆహారం ఎప్పుడు? ఆరు నెలలు నిండాక. తల్లిపాలు మాన్పించాలా? అక్కర్లేదు, రెండేళ్లు దాటినా ఇవ్వచ్చు. గంజి ఎట్లా ఉండాలి? చెంచా వంచితే జారిపోనంత చిక్కగా. నీళ్లగంజి కడుపు నింపుతుంది గానీ బలమివ్వదు.

ఆ చిక్కదనమే పవిత్ర ఇంట్లో అడ్డం తిరిగింది. గొర్రెలు మేపుకునే పవిత్రకు ఎనిమిది నెలల కొడుకు భరణి. జ్వరం లేదు, జాడ్యం లేదు, అయినా పోయిన తూకంలో బరువు పెరగలేదు. ఈసారీ పెరగకపోతే కృష్ణగిరి పెద్దాసుపత్రిలో చేర్పించాలి.

పరిమళ వెళ్లేసరికి పవిత్ర అత్త పాపక్క రాగిగంజిలో చెంబుడు నీళ్లు కలుపుతోంది.

"వద్దంటే మళ్లీ పోస్తివా, పాపక్కా?"

"చిక్కగా పెడితే ఉమ్మేస్తాడు టీచరమ్మా. నీ పుస్తకానికి నోరుంటే దానికే పెట్టు."

పరిమళ తానే చిక్కగా కాచి పెట్టింది. బిడ్డ ఓకరించి ఆమె చీర మీదే ఉమ్మాడు. ఇప్పుడేం చేయాలో పుస్తకం చెప్పినట్టు గుర్తు రాలేదు.

"మా మామకు పండ్లు ఊడినాక గంజిలో మొలకరాగుల పిండి రవ్వంత వేసినాను," అంది పాపక్క. "గంజి కరిగినట్టు అయింది. మొలకలు ఎండబెట్టి, దోరగా వేయించి, తిరగలిలో విసిరిన పిండి. ఇంకా డబ్బాలో ఉండాది."

పొయ్యి మీంచి దింపిన చిక్కటి వేడిగంజిలో పరిమళ చెంచాడు ఆ పిండి కలిపింది. కాసేపటికి గంజి చెంచాలోంచి జారిపోసాగింది. పరిమళ చెంచా మళ్లీ వంచి చూసింది. ఇంతకుముందు పాపక్కను తిట్టింది దీనికేగా! కానీ చుక్క నీళ్లు పడలేదు, రాగిపిండి తగ్గలేదు. అమైలేజ్ రిచ్ ఫుడ్ అని బట్టీ పట్టిన ముక్క ఇదేనా? మొలకలో పుట్టిన అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విరగ్గొడుతుందని చదివింది. చిక్కగా ఉండాలనే జవాబూ ఒప్పే, ఈ జారుడూ ఒప్పే అయితే, రెండూ ఎట్లా కుదురుతాయో అర్థం కాలేదు. డబ్బాలో నిలవున్న పిండి కదా అని మళ్లీ ఒక్క ఉడుకు రానిచ్చి, చల్లార్చి తినిపించింది.

భరణి సగం గిన్నె తిన్నాడు. తర్వాత తల్లి పాలూ తాగాడు.

"నేను నీళ్లు పోసినా జారె, నువ్వు పిండి వేసినా జారె," అంది పాపక్క. "తిట్లు మాత్రం నాకా?"

"నీళ్లు పోస్తే వాని కడుపులో నీళ్లే చేరతాయి. ఇందులో ఉండేదంతా రాగే," అని పరిమళ తనకు తానే చెప్పుకున్నట్టు అంది. "ముందు చిక్కగా కాచండి, అప్పుడే ఈ పిండి. రోజుకు రెండు మూడు మార్లు."

పవిత్ర బిడ్డ మూతి తుడిచింది. "వీడు బరువెక్కుతాడా టీచరమ్మా?"

"తెలీదమ్మా. ఎక్కలేదంటే నేనే నీతో కృష్ణగిరికి వస్తాను. గొర్రెల్ని పాపక్క చూస్తాది."

"అదీ నీ పుస్తకంలో ఉందా?" అంటూనే పాపక్క మొలకలకని రాగులు నానబోసింది.