అడుగు పలచన బూట్లు

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు ఆగే చోట సందు మొదట చెప్పులు కుట్టేవాడు. నేను పక్కన కూర్చుని దారానికి మైనం పట్టించేదాన్ని. అడుగు మందంగా ఉంటేనే మంచి పని అని మా లెక్క. వచ్చినవాళ్లందరూ అదే అడిగేవాళ్లు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మా బిడ్డ బాక్సింగు నేర్చుకునేది. జిల్లా జట్టుకు ఎంపిక పోటీ దగ్గరపడింది. కాలికేమో అక్కడే కుస్తీ ఆడే ఒక అక్క ఇచ్చిన పాత బూట్లు. చీలమండ దాటి కాస్త పైకే ఉంటాయి, అడుగు రొట్టెలా పలచన.

"గీ అడుగు నేలను బాగ పట్టేస్తది నాయినా. నేను తిరుగుత గని బూటు తిరగదు. మోకాలు గుంజుతది" అంది.

ఆయన పలచన చూసి భయపడ్డాడు. నున్నటి మందం తోలు అతికి, చుట్టూ కుట్టాడు. ఆ సాయంత్రం వాకిట్లో అది తొడుక్కుని గిర్రున తిరగబోయింది. కాలు పక్కకు మడతపడింది. గోడ పట్టుకుని నిలబడింది.

"పైన తోలు కట్టి పిక్క దాక లేపుత. బాక్సింగోళ్లయి ఎత్తుగనే ఉంటయి గద" అన్నాడాయన.

"ఎత్తుంటే జర పట్టుకుంటది నాయినా. గంత మందం మీద నిలబడితే ఏ కట్టు ఆపుతది? కింద నేల తెలుస్తలేదు నాకు."

"మరి కాలుకు దెబ్బ తగిలితే?"

"కాలు మీద ఎవరు కొడ్తరు నాయినా. మొకం మీద కొడ్తరు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

తెల్లారి బంద్. పోటీ వాయిదా పడిందని కబురొచ్చింది. ఆయన గడపలో కూర్చుని తాను వేసిన కుట్లే ఒక్కొక్కటి తెంపాడు. తోలు ఊడబీకి, పాత అడుగు మీది జిగురు గీకాడు. కాలు ఏ చోట మోపి తిరుగుతుందో బిడ్డను అడిగి, అక్కడ మటుకు సాండ్‌పేపరుతో రుద్దాడు. వేళ్ల కొసన, అంచున గరుకు అట్లే ఉంచాడు.

"అంత నున్నగ చేస్తివా, జారి పడ్తది" అన్నాను.

"జర పట్టాలె, జర ఇడువాలె. ఊకో నువ్వు."

దీక్షల టెంటు కాడికి పోయి చిరిగిన కాన్వాసు గుడ్డ అడిగి తెచ్చి పరిచాడు. రింగులో అట్లాంటి గుడ్డే ఉంటుందట. బిడ్డ దాని మీద తిరుగుతుంటే వంగి చూడటం, బూటు విప్పించి మళ్లీ రుద్దడం. పొద్దు గూకేదాకా అదే పని.

పోటీ రోజు అందరూ చేతులు చూస్తుంటే, మేమిద్దరం కాళ్లు చూశాం. ఎదుటి పిల్ల మీదికొచ్చినప్పుడు మా పిల్ల ముందు కాలి మునివేళ్ల మీద సులువుగా తిరిగి పక్కకు తప్పుకుంది. బూటు కూడా తిరిగింది.

"తిరిగింది" అన్నాడాయన, నా భుజం పట్టుకుని.

బిడ్డ జట్టులోకి వచ్చింది. రింగు దిగి మొదట బూట్లు విప్పి నాయిన చేతిలో పెట్టింది. ఆయన వాటిని తిరగేసి, రుద్దిన చోట ఇల్లు చేరేదాకా బొటనవేలితో తడుముతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆయన లేడు. బూట్లు నా దగ్గరే ఉన్నాయి. అప్పుడప్పుడు నేనూ అక్కడే తడుముతాను.