అట్టపెట్టెకు రెండో టేకు

ఆ స్పాంజి వాసన ఇంకా నా ముక్కును వదల్లేదు. జర్దా, ఎండిన ఉమ్మి, మూసిన సంచిలో చాలాకాలం మగ్గిన చెమట, అన్నీ కలిసిన వాసన అది. కొత్త మైకు అని డబ్బు కడితే ఎవరో నోటి దగ్గర పెట్టుకుని వాడి పారేసిన మైకు మా ఇంటికి వచ్చింది. దాని మీద తొడిగిన నల్లటి స్పాంజిలో తెల్ల వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది. అంచు మీద కిళ్లీ మరక. నేను దాన్ని చూసిన చోటే కూర్చుండిపోయాను. 

మైకు నాకోసం కాదు. నా చెల్లెలి కూతురు నాతోనే ఉంటుంది, మా అమ్మాయి అనే అంటాను. డబ్బింగ్ చెబుతుంది. ఇన్నేళ్లుగా దానికి దొరికినవి గుంపు గొంతులే. పెళ్లిపందిట్లో నవ్వే ఆడవాళ్లు, బజారులో అరిచే కూరగాయలామె, ఆస్పత్రి వరండాలో ఏడ్చేవాళ్లు. మొదటిసారి ఒక డబ్బింగ్ సీరియల్‌లో పేరున్న పాత్ర, పెద్దకోడలి పాత్ర, ఇస్తామన్నారు. ఇంట్లోనే రికార్డు చేసి పంపాలి. వాళ్లు చెప్పిన రకం మైకు ఉండాలి, నెలాఖరులోగా దాంతో నమూనా పంపాలి. లేకపోతే వేరే గొంతు. కార్డు నాది కాబట్టి ఆర్డర్ నా ఫోన్‌లోంచి, నా పేరు మీద పెట్టాం.

నేను ఫిల్మ్‌నగర్‌లో ప్రొడక్షన్ ఆఫీసుల్లో లెక్కలు రాసిన మనిషిని. బిల్లు లేని ఖర్చు నా బల్ల దాటి వెళ్లలేదు. అందుకే పార్శిల్ వచ్చిన రోజు కంపెనీ నిబంధనలు ముందు చదివాను. వస్తువు పాడై వచ్చినా, తక్కువ వచ్చినా, వేరేది వచ్చినా రుజువుగా వీడియో ఉండాలట. పెట్టె తెరవక ముందు మొదలుపెట్టాలి. ఆరు వైపులా టేపు, పైన అంటించిన చిరునామా చీటీ స్పష్టంగా కనిపించాలి. తెరిచి వస్తువంతా చూపించేదాకా ఎక్కడా ఆపకూడదు, కత్తిరించకూడదు. రెండు రోజుల్లోగా పంపాలి. సొంత డబ్బుతో కొన్న వస్తువును సొంత ఇంట్లో విప్పుకోవడానికి దొంగసొత్తు సోదా చేసినట్టు ఈ తంతు ఏమిటని అప్పుడే చిరాకేసింది. అయినా మా అమ్మాయి ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టింది.

సరిగ్గా అప్పుడే మేడమీద అద్దెకుండే కెమెరా అసిస్టెంటు మోటారు వేయమని చెప్పడానికి దిగివచ్చాడు. షేక్‌పేటలో పుట్టినవాడు, యాభై దాటాయి, షూటింగుల్లో ఫోకస్ చూసే పని.

"గిదేంది చెల్లే, గీ లైటుల తీస్తరా? పెట్టె కనిపిస్తదా, బొగ్గు బస్తా కనిపిస్తదా?" అన్నాడు.

"పెట్టె కనపడితే చాలన్నయ్యా, అవార్డుకు పంపడం లేదు" అంది మా అమ్మాయి.

"ఏందీ, నేనుండంగ గిట్ల తీసుడా? జర ఆగు." పైకి పోయి ఒక పలక లైటు తెచ్చి కిటికీకి కట్టాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

మొదటి టేకు బాగానే సాగింది. పెట్టెను ఆరు వైపులా తిప్పాను. చీటీ చూపించాను. బ్లేడుతో టేపు కోసి పైరెక్క ఎత్తాను.

"కట్! కట్! పెద్దమ్మా, మీ నీడ నిండుగ పడ్డది. లోపలిది ఏం కనిపిస్తలేదు. ఇంకోటి పోదాం."

"ఇంకోటి ఏమిటి, టేపు కోసేశాను కదా" అన్నాను.

"నా తాన టేపు ఉన్నది. అదే తీరుగ అతికిస్త. ఎవ్వనికి ఎరుకైతది?"

"ఆపకుండా తీయాలని రాశారయ్యా."

"రెండోది ఆపకుండనే తీస్తం గద!"

మా అమ్మాయి కూడా అతని పక్కే చేరింది. "పోనీలే పెద్దమ్మా, మంచి టేకే కదా పంపేది." ఈ వీధిలో పుట్టే బుద్ధి ఇది. ఇక్కడ బాగా రాని టేకు అసలు జరగనట్టే లెక్క. లోపల మంచి మైకే ఉంటుందన్న ధీమా కూడా మా ముగ్గురికీ ఉంది. అతను మొదటి వీడియోను ఫోన్‌లోంచి తీసిపారేశాడు. కోసిన టేపు మీద కొత్త టేపు నున్నగా వేశాడు. నేను మళ్లీ పెట్టె తిప్పి, మళ్లీ కోసి, లోపలి రంగు డబ్బా తెరిచాను. అప్పుడు ఆ స్పాంజి బయటపడింది. ఆ వెలుతురులో తెల్ల వెంట్రుక పట్టుచీరలో జరీపోగులా మెరిసింది. ఫోకస్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

ఫిర్యాదుతో ఆ రెండో వీడియోనే పంపాం. జవాబు మర్నాడే వచ్చింది. వీడియో మొదలయ్యేసరికే పార్శిల్ టేపు ఒకసారి కోసి మళ్లీ అతికించి ఉన్నట్టు గమనించామనీ, అభ్యర్థన మూసేశామనీ. ఆ లైటు లేకపోతే కొత్త టేపు కింద కోత కనిపించేదే కాదు. చాట్‌లో అడిగితే, "మీ ఆవేదన మాకు అర్థమైంది మేడం" అని ఒకటే మాట, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. ఎవరి ఉమ్మినో నా చేత పట్టించి, నా ఆవేదన అర్థమైందట! ఫోన్‌ను బల్ల మీద బోర్లా పడేశాను.

సాయంత్రం కెమెరా అసిస్టెంటు ముఖం వేలాడేసుకుని దిగాడు. తీసేసిన వీడియోలు ఫోన్‌లో చెత్తబుట్టలాంటి చోట కొన్నాళ్లు ఉంటాయని చెప్పి మొదటి టేకును వెనక్కి తెచ్చాడు. రెండింటినీ తన కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని పోయాడు. మర్నాడు పిలిచి చూపించాడు.

మొదటి టేకులో పైరెక్క ఎత్తుతుంటే నా చీర కొంగు కెమెరాకు అడ్డంగా వెళ్లింది. ఆ కొంగు దాటేసరికి రెండో టేకు. అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు.

"దీన్ని పట్టుకునే మొగోడు పుట్టలే పెద్దమ్మా" అన్నాడు గర్వంగా.

అది ఎంత బాగుందో అంత వెగటు పుట్టింది. నా చేతులు, నా కొంగు, నా వంటిల్లు. అన్నీ నావే, అయినా అలా జరగలేదు.

"దీన్ని నా పేరుతో పంపను" అన్నాను.

మా అమ్మాయి ముఖం ఎర్రబడింది. "మనమేమైనా అబద్ధం చెప్తున్నామా పెద్దమ్మా? లోపల వచ్చింది ఇదేగా! వాళ్లే మోసం చేశారుగా!"

"వచ్చింది ఇదే. అందుకే దానికి దొంగ బిల్లు అక్కర్లేదు."

"మీకేం, నెలాఖరు మీది కాదు. జీవితమంతా గుంపులో ఏడవాల్సింది మీరు కాదు."

ఆ మాట తగిలింది.  నా గదిలోకి వెళ్లి కంపెనీ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఫిర్యాదుల అధికారి చిరునామా వెతికాను. రెండు టేకులూ కత్తిరించకుండా జతచేశాను. మొదటి దాంట్లో టేపు కోయని పెట్టె ఉంది. అక్కడ ఆపింది మేమే, మళ్లీ టేపు వేసిందీ మేమే, వెలుతురు బాగాలేదని. రెండో దాంట్లో లోపల వచ్చినది ఉంది. రంగు డబ్బా మీది నంబరు బిల్లుతో సరిపోతుంది, మైకు అడుగున ఉన్న నంబరు సరిపోవడం లేదు, దాని ఫొటో ఇదిగో. ఇంతే రాశాను. ఆవేదన గురించి ఏమీ రాయలేదు.

ఆ తర్వాత రోజులు ఇంట్లో పలకరింపులు లేవు. అమ్మాయి అన్నం పెట్టుకుని గదిలోకి పోయేది. మైకు డబ్బా హాల్లో బల్ల మీదే ఉంది. అటు చూసినప్పుడల్లా ఆ వాసన వస్తున్నట్టే ఉండేది. చివరికి ఒక పొద్దున ఆ స్పాంజిని పట్టకారుతో లాగి వంటింటి చెత్తబుట్టలో పడేశాను. బీరకాయ తొక్కల మీద పడింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.

అదే రోజు పదకొండింటికి ఫోన్ వచ్చింది. ఫిర్యాదుల విభాగం నుంచట, మగగొంతు. "మళ్లీ టేపు వేసింది మీరేనని మీరే రాశారా మేడం?"

"నేనే రాశాను."

"అలా ఎవరూ రాయరండి." కీబోర్డు కొట్టిన చప్పుడు వినిపించింది. "నంబర్లు చూశాం. వస్తువు వెనక్కి తీసుకోవడానికి మధ్యాహ్నం మనిషిని పంపుతున్నాం. వచ్చింది వచ్చినట్టే అప్పగిస్తే డబ్బు తిరిగి వస్తుంది. తేడా ఉంటే మాత్రం కేసు మూసేస్తారు."

వచ్చింది వచ్చినట్టే అన్న మాట విన్నాను. దాని అర్థం మాత్రం బండి వచ్చి గుమ్మం ముందు ఆగాకే తట్టింది.

పార్శిల్ తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి వీపు మీది పెద్ద సంచి దించి, ఫోన్ తీసి, మేం పంపిన వీడియోలోంచి తీసిన బొమ్మను మైకు పక్కన పెట్టి చూశాడు.

"అమ్మా, దీని మీద నల్లది ఉండాలె. ఏది?"

"పారేశాను. అది మనిషి ముట్టుకునేది కాదు."

"అట్లెట్ల? బొమ్మల ఉన్నది. లేకుంటే నేను తీస్కపోను. క్యాన్సిల్ కొట్టాల్సి వస్తది."

అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా వైపు చూసింది.  

"ఆగు" అన్నాను.

వంటింట్లోకి వెళ్లి చెత్తబుట్ట బోర్లించాను. పొద్దుటి కాఫీ పిప్పి, తొక్కలు, పులిసిన పెరుగు గిన్నె కడిగిన నీళ్లు. అడుగున అది. ఇప్పుడు దానికి మా ఇంటి వాసన కూడా పట్టింది. పట్టకారుతో పట్టుకుని బయటికి తెచ్చాను.

అతను అప్పటికే ఫోన్ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. "నేను కూడా వీడియో తియ్యాలమ్మా, మాకు గట్లనే చెప్పిన్రు. పట్టకారు వద్దు, జారుతది. చేతితోనే ఎక్కించున్రి, కనబడాలె."

మెట్ల మీద కెమెరా అసిస్టెంటు నిలబడి చూస్తున్నాడు. "అన్నా, ఎండకు ఎదురుంగ తీస్తున్నవ్, జర ఇటు..."

"నువ్వు నోరు మూసుకుని పైకి పో" అన్నాను.

వేళ్లతో ఆ స్పాంజి తెరిచాను. తడిగా, మెత్తగా ఉంది. వెంట్రుక ఇంకా ఊడలేదు. మైకు తల మీదికి నెమ్మదిగా లాగి, అంచు సరిచేసి, అడుగున నంబరు అతని ఫోన్ వైపు తిప్పి పట్టుకున్నాను. అతను చాలు అనేదాకా దింపలేదు.

"ఓకే అమ్మా" అన్నాడు. దాన్ని డబ్బాలో పెట్టి టేపు వేసి, సంచిలో ఎవరివో చెప్పుల పెట్టె మీద పడేశాడు. అమ్మాయి వచ్చి నా మోచేయి పట్టుకుని పంపు దగ్గరికి తీసుకెళ్లింది. తనే నీళ్లు పోసింది. నేను చేతులు రుద్దుతూనే ఉన్నాను. గేటు అవతల బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆ డబ్బాను మళ్లీ ఎవరింటికి పంపుతారో.