ఉగ్గుగిన్నె ముక్కు

పసిపిల్ల అయిన నా కూతురికి ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు నేను అంగన్‌వాడీ గోడ వెనక నక్కి నిలబడ్డాను. మా వంశంలో ఇతరుల గోడ వెనక నిలబడినవాళ్లు లేరు. మా గోడల వెనక ఇతరులు నిలబడేవారు. కానీ ఆ రోజుకు పిల్లకు మూడోసారి విరేచనాలు పట్టుకున్నాయి. కార్డు మీద బరువు గీత మొదటి నెలల్లో ఎక్కినట్టే ఎక్కి, ఆపైన చదునై, కిందికి వంగింది. ఇంకా తగ్గితే దవాఖానలో చేర్చుకోవాల్సి వస్తుందని వనపర్తి డాక్టరు నా భార్యతో అన్నాడు.

మాది ఖిల్లా ఘణపూర్ దగ్గరి పల్లె. మా తాతల కోటలాంటి ఇల్లు, గడి, కూలిపోగా మిగిలిన నాలుగు గదుల్లో ఉండేవాళ్లం. నా భార్య వనపర్తిలో ఒక బడిలో పాఠాలు చెప్పేది. ఏడింటి బస్సుకు వెళితే సాయంత్రానికి వచ్చేది. పొద్దున పిల్లకు తినిపించడం నా పని. పది నుంచి ఒంటిగంట వరకు నేను చేనికి పోయేవాణ్ని, పిల్ల అంగన్‌వాడీలో ఉండేది. అక్కడి ఆయా వాళ్ల అమ్మ మా నాయన కాలంలో మా ముంగిలి ఊడ్చింది. మా నాయన నోరు మంచిది కాదు. ఆ మాటలు ఆ ఇంట్లో ఎవరూ మరచిపోయి ఉండరని నాకు నమ్మకం.

అందుకే పిల్లను తెచ్చుకోగానే దాని నోరు వాసన చూసేవాణ్ని. గోళ్లు చూసేవాణ్ని. ఆయా చేతులు కడుక్కుంటుందా, సగం తానే తింటుందా, నీళ్లు కుండలోంచి నేరుగా పోస్తుందా అని చేనులో నిలబడి ఆలోచించేవాణ్ని.

"అంగన్‌వాడీలో తినే మిగతా పిల్లలకు ఏమీ కావట్లేదు గద," అంది నా భార్య ఒకసారి.

"వాళ్ల పిల్లల కడుపులు వేరు," అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపు బాగాలేదు. అయినా నేను మాట వెనక్కి తీసుకోలేదు.

మా ఇంటి పద్ధతి మీద నాకు అనుమానమే లేదు. మాకొక వెండి ఉగ్గుగిన్నె ఉండేది. నన్నూ, మా నాయననూ, వాళ్ల నాయననూ పెంచిన గిన్నె. పక్కన సన్నటి పొడుగు ముక్కు. పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టి ఆ ముక్కు పెదాల మధ్య పెట్టి వంచితే చాలు. వెండిలో ఏ మలినమూ నిలవదని మా నాయనమ్మ చెప్పేది. తెల్లవారగానే తైదల జావ, అంటే రాగిజావ, కాచి, ముక్కులోంచి జారేలా పలచగా చేసి, గిన్నె నిండా పోసి బట్ట కప్పేవాణ్ని. పొద్దున కొంత, చేను నుంచి వచ్చాక కొంత. చింతపండుతో నేనే తోమేవాణ్ని. అద్దంలా మెరిసేది. ఆ ఇంట్లో మెరిసే వస్తువు అదొక్కటే మిగిలింది.

ఆ రోజు గోడ వెనకనుంచి చూస్తే, ఆయా సబ్బుతో చేతులు కడుక్కుంది. మోచేతి దాకా కడుక్కుంది. నేను ఉన్నట్టు కనిపెట్టి నటిస్తోందేమో అనుకున్నాను. స్టీలు గిన్నెలో పప్పూ అన్నం వేళ్లతో మెత్తగా మెదిపింది. అది చెంచాలోంచి జారకుండా ముద్దగా నిలబడింది. పిల్లను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, చెంచా కొన మీద కొంచెం పెట్టింది.

పిల్ల నాలుక బయటికి వచ్చింది. ముఖం ఎర్రబడింది. "గక్, గక్" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను గోడ దూకాను. పరుగెత్తి పిల్ల నోట్లోకి వేలు పెట్టబోయాను. ఆయా నా మణికట్టు పట్టుకుంది. మా ఇంటి మగవాడి చేయి ఆ ఇంటి ఆడమనిషి పట్టుకోవడం అదే మొదలు అయి ఉంటుంది.

"ఏలు బెట్టకున్రి దొరా! లోపలికి తోస్తరు. సప్పుడొస్తుంది గద, దగ్గుతుంది గద. దగ్గనియ్యున్రి."

పిల్ల ఇంకోసారి దగ్గి, ముద్దను గడ్డం మీదికి నెట్టేసి, నన్ను చూసి నవ్వింది.

"సప్పుడు రాకపోతే?" అన్నాను. నిజానికి ఆయాను ఇరికించాలనే అడిగాను.

"గప్పుడు భయపడాలె. ముంజేతి మీద బోర్ల ఏసి, తలకాయ కిందికి పట్టి, రెక్కల నడుమ అరచేతి అడుగుతోని ఐదుసార్లు సరుస్త. రాకుంటే ఎల్లకిల తిప్పి, రొమ్ము నడుమ రెండేళ్లతోని ఐదుసార్లు ఒత్తుత. మల్ల సరుస్త. గంతల ఒకర్ని దవాఖానకు ఉరికిస్త." తర్వాత నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గోడెనక ఎంతసేపటి సంది ఉన్నరు?"

నేను పిల్ల గడ్డం తుడిచాను.

"ఈ బిడ్డకు నాలికె మీద ముద్ద నిలుపుడే తెల్వది. ఇంట్ల ఏం బెడుతున్నరు?"

మరునాడు ఉగ్గుగిన్నె పట్టుకుపోయాను. చూసి నోరు మూసుకుంటుందనుకున్నాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, "మంచిగుంది," అంది. చీపురులోంచి ఒక పుల్ల విరిచి, కడిగి, ముక్కులో దూర్చి లాగింది. పుల్ల కొసకు నల్లటి జిగురు వేలాడింది. పుల్లటి కుళ్లు వాసన కొట్టింది.

"పుల్లకే ఉందేమో," అన్నాను.

"అయితే మీ పుల్ల మీరే తెచ్చుకోన్రి."

ఇంటికి వెళ్లి తలుపు వేసుకున్నాను. మా చీపురు నుంచి కొత్త పుల్ల తీశాను. కడిగి, తుడిచి, దూర్చాను. అదే జిగురు వచ్చింది. ఇంకోసారి. ఇంకా వచ్చింది. పైన ఎంత తోమినా వేలు పోని చోట రోజూ జావ పట్టి కుళ్లుతూనే ఉంది. పొద్దున్నే కాచిన జావ మధ్యాహ్నం దాకా అందులోనే ఉంచి, నా చేత్తోనే నా బిడ్డకు పోశాను. ఆ ముక్కులోంచి జారాలని అంత పలచన చేశాను. కడుపు నిండింది, ఒంటికి పట్టలేదు.

సాయంత్రం నా భార్యకు చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఇంకేం చెప్పింది ఆమె?" అని మాత్రం అడిగింది. నేను గిన్నె తీసుకుని వస్తుంటే ఆయా వెనకనుంచి చెప్పినదంతా చెప్పాను. వెడల్పాటి గిన్నె, చెంచా. రెండూ సబ్బుతో కడిగి మరుగునీళ్లలో వేయాలి. వండిన గంటలోపే పెట్టాలి, మిగిలింది దాచకూడదు. కాచి చల్లార్చిన నీళ్లే పోయాలి. పడుకోబెట్టి ఏదీ పోయకూడదు. ఏడుస్తున్నప్పుడు, నవ్వుతున్నప్పుడు నోట్లో పెట్టకూడదు. తల్లిపాలు మాన్పకూడదు.

విరేచనాలు ఆ వారమే ఆగాయి. చెంచాలో నిలిచే ముద్దకు పిల్ల పది రోజుల్లో అలవాటుపడింది. మొదట్లో అది "గక్" అన్నప్పుడల్లా నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ని.

మరుసటి నెల తూకం నాడు నేనే తీసుకెళ్లాను. ఆయా పిల్లను కాటా సంచిలో వేయబోతుంటే నేను వంగి ముల్లు చూశాను.

"సున్న మీదనే ఉంది దొరా. సక్కగ జూడున్రి."

చూశాను. సున్నా మీదనే ఉంది. పిల్లను వేసింది. కార్డు మీద చుక్క పెట్టింది. గీత పైకి వంగింది. నేను కార్డు తీసుకుని, ముల్లుతో మళ్లీ సరిచూశాను.

"ఇంకేమన్న అనుమానముందా?"

"ఉంది," అన్నాను. ఆమె ముఖం బిగుసుకుంది. "మా చేనులో పల్లీ పీకుతున్నాం. పిల్లకు పెట్టొచ్చునా?"

ఆయా నా ముఖంలోకి చూసింది. ఇందులో ఏం మెలిక ఉందో వెతుకుతున్నట్టుంది. నేను అంతకుముందు ఆ ఇంటివాళ్లను ఏదీ అడిగి ఎరగను.

"గింజ గింజ అయితే వద్దు. ఐదేండ్లు నిండేదాంక వద్దు, గొంతుల పడితే మనిషి దక్కడు," అంది. "ఏంచి, పొట్టు దీసి, మెత్తగ నూరి, జావల కలుపున్రి. ముందుగాల ఇంతే," అని చిటికెడు చూపించింది. "రెండు దినాలు జూడున్రి. ఒంటి మీద దద్దు లేస్తే బంద్ చేసి దవాఖానకు పోన్రి. చేతులు కడుక్కోన్రి."

"కడుక్కుంటా," అన్నాను.