నా గొంతులో ఆయన మాట

మా మూఢనమ్మకాల వ్యతిరేక సభల క్యాసెట్లు ముప్పై గంటల పైనే ఉన్నాయి. కురుగోడులో కంప్యూటర్ నేర్పే టీచరమ్మ వాటిని ఫైళ్లుగా మార్చి, యంత్రంతో అక్షరాల్లోకి ఎక్కించింది. ప్రతి వాక్యం పక్కన అది మొదలైన నిమిషం, సెకను. మాట వెతికితే వాక్యాలొస్తాయి, వాక్యం నొక్కితే రికార్డు అక్కడి నుంచే మోగుతుంది. తప్పులు దిద్దే పని నాది. వినే ఓపిక లేక చదువుతూనే దిద్దేశాను.

నా పుస్తకంలో ఒక పాము మంత్రగాడి గురించి రాశాను. హచ్చొళ్ళి సభలో ఆయన, “ఆస్పత్రికి తీసకపోవద్దు, నేనే బతికిస్తా” అన్నాడని. ఆయన ఇప్పుడు లేడు. అచ్చుకు ముందు ఆ పుట ఆయన కూతురికి పంపాను.

“మా నాయన అట్ల అనే మనిషి కాదప్పా,” అంది ఫోన్లో. “జనాల్ని సంపినోడని రాస్తాండావు. యాడన్నాడో ఇనిపించు.”

వినిపిస్తానన్నాను. టీచరమ్మ పక్కన కూర్చుని ‘ఆస్పత్రి’ అని వెతికితే వాక్యం అక్షరం పొల్లు పోకుండా వచ్చింది. నొక్కితే మాత్రం ఎవరో మైకు సరిచేయమంటున్నారు.

“క్యాసెట్ తిప్పిన కాడ ఖాళీ ఉంటే కత్తిరించినా సార్,” అంది ఆమె. “టైములు కత్తిరించకముందు ఫైలువి. అందుకే తప్పుతాండాయి.”

“వాక్యం దొరికింది కదమ్మా, చాలదా?”

“ఎవరన్నారో యంత్రం రాయలేదు సార్. మీరు రాసినారా?”

నేనూ రాయలేదు. ఆమె లింకులన్నిటినీ కత్తిరించని ఫైలుకు మార్చి మళ్లీ నొక్కింది.

“ఆస్పత్రికి తీసకపోవద్దు, నేనే బతికిస్తా. ఇదీ ఈయప్ప వరస!” ముక్కుతో సాగదీసిన గొంతు, ఆ వెంట జనం నవ్వు. ఆ గొంతు నాది. నవ్వు సద్దుమణగక ముందే ఆయన నెమ్మదిగా, “నేనట్ల అనలేదప్పా. మంత్రమేసి, ఆ గడియలోనే డాక్టరు కాడికి జీపెక్కిస్తి,” అన్నాడు. ఆ మాట నవ్వులో కలిసి యంత్రానికి అందలేదు; నేనూ ఏనాడూ విన్నట్టు గుర్తు లేదు.

“బాగనే యాక్షన్ జేసినారు సార్,” అంది టీచరమ్మ.

మంత్రం మీద నా అభిప్రాయం మారలేదు. అది పాము విషానికి మందు కాదు. కానీ ఆధారం చూపమని ఊరూరా గర్జించినవాడిని, నా వెక్కిరింతనే ఆధారమని పట్టుకున్నాను. ప్రెస్సుకు ఫోన్ చేస్తే అచ్చు ప్లేట్లు ఇంకా చేయలేదు, పుట మార్చొచ్చన్నారు. కుర్చీలో వెనక్కి వాలాను. ఎంతో కాలంగా అంత తేలిగ్గా ఊపిరి తీసుకోలేదు.

“ఆయన కూతురికి పంపే లింకు ఆయన జవాబు కాన్నుంచి పెట్టేదా?” అని టీచరమ్మ అడిగింది.

“వద్దమ్మా. నా వెక్కిరింత కాడ్నుంచే పెట్టు.”

కాసేపటికి కూతురు ఫోన్ చేసింది. “ఇంటినప్పా,” అంది. “ఆ పుట తీసేస్తివా?”

“తీసేయలేదమ్మా. సరిచేస్తాండా.”

“మా నాయన జీపు మాట కూడా రాయి,” అంది. రాశాను.